మామ గొంతు నా దగ్గర ఉండిపోయింది

కాణిపాకం వినాయకుడి మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. చిత్తూరువాణ్ని, ఆ దేవుడి మీద అబద్ధపు ఒట్టు వేసినవాళ్ల గతి నాకు తెలియనిది కాదు.

మా మామ చిత్తూరు బెల్లం మండీలో వేలం వేసేవాడు. ఆయన "ఒకటోసారి" అని కేకేస్తే వేలూరు రోడ్డున పోయే బండెద్దులు ఆగి వెనక్కి చూసేవి. ఏటా బెల్లం సీజనులో ఆయన గొంతు పోయేది, సీజను ముగియగానే తిరిగొచ్చేది. డెబ్బైల చివర్లో ఒక ఏడు మాత్రం రాలేదు. మిరియాల కషాయం తాగేవాడు, వెంటనే బీడీ ముట్టించేవాడు. నొప్పి లేదు కాబట్టి జబ్బని ఎవరికీ తోచలేదు. బొంగురు కొద్దికొద్దిగా పెరిగింది, మేమూ కొద్దికొద్దిగా అలవాటుపడ్డాం.

మనుషుల గొంతులు అనుకరించడం నాకున్న ఒకే విద్య. ఒక మధ్యాహ్నం వాళ్ల వసారాలో మామ పక్కన కూర్చుని, ఆయన పాత గొంతుతో అన్నాను: "ఏమ్మే, సంగటి అయిందా?"

లోపల గరిటె కింద పడింది. అత్త గడప దాటి వచ్చింది, ముఖమంతా వెలుగు.

"గొంతొచ్చిందా?"

మామ తల అడ్డంగా ఊపాడు. అత్త నా వైపు తిరిగింది.

"నువ్వా. ఆ గొంతే మర్చిపోయినాను రా అబ్బోడా." మామ వైపు చెయ్యి చూపింది. "ముద్ద కూడా దిగడంలా ఈయనకు. మజ్జిగలో కలుపుకోని తాగతా ఉండాడు."

"నువ్వు సంగటి రాయిమాదిరి సేస్తే నా తప్పా?" అన్నాడు మామ, గాలి తప్ప మరేమీ లేని గొంతుతో.

అత్త నవ్వలేదు. మర్నాడే తిరుపతి బస్సెక్కించింది. నేనూ వెంట వెళ్లాను.

గొంతు డాక్టరు నుదుటికి అద్దం కట్టుకుని, మామ నాలుకను గుడ్డతో పట్టి బయటికి లాగాడు. పొడుగు కాడ ఉన్న చిన్న అద్దాన్ని స్పిరిటు దీపం మీద వెచ్చచేసి నోట్లో పెట్టి, "'ఈ...' అనప్పా" అన్నాడు. అంతే, క్షణాల్లో అయిపోయింది.

"స్వరతంతి మీద గడ్డ ఉండాది. ఆ పక్క తంతి కదలడంలా. ముక్క తీసి పరీక్షకు పంపాల."

"నొప్పే లేదే సారూ," అంది అత్త.

"మొదట్లో ఉండదమ్మా. బొంగురే దాని గుర్తు. బీడీ తాగేవాళ్లకి, వయసు మళ్లినోళ్లకి మూడు వారాలైనా గొంతు బాగుపడకపోయినా, ముద్ద అడ్డం పడతా ఉన్నా, వచ్చి ఇట్లా సూపించుకోవాల. అప్పుడే వచ్చుంటే కరెంటు పెట్టి, అంటే రేడియేషనుతో గడ్డ కాల్చి, గొంతు నిలిపేదానికి వీలుండేది."

ముక్కలో క్యాన్సరు తేలింది. మద్రాసులో ప్రాణం కాపాడారు, స్వరపేటిక తీసేశారు. ఆ తర్వాత మామ మెడకింద రంధ్రంతో ఊపిరి తీసుకుంటూ చాలాకాలమే బతికాడు. అత్తను పిలవాలంటే చప్పట్లు కొట్టేవాడు.

నేను వెళ్లినప్పుడల్లా రెండు వేళ్లతో నా గొంతు మీద తట్టేవాడు. నేను "ఒకటోసారి" అనేవాణ్ని. ఆయన కళ్లు మూసుకుని, దూరాన ఎవరో వస్తున్నట్టు వినేవాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయేది. ఆయన పోయాక కూడా, ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాట నా నోట దానంతటదే వస్తుంది. తట్టిన వేళ్లేవీ ఉండవు.

ఇక వినాయకుడికి భయపడి చెబుతున్నాను: ఎద్దుల సంగతి కల్పన. అవి ఎన్నడూ ఆగలేదు, తలలు వంచుకుని వాటి దారిన అవి పోయేవి. కల్పన అంతవరకే.