బాలింతకు నీళ్లు

అక్కకు తొలికాన్పు పుట్టింట్లో జరగలేదు. జరపడానికి పుట్టింట్లో ఎవరున్నారు గనక. అమ్మ నన్ను కన్న నాలుగో రోజునే పోయింది. మా ఇద్దర్నీ పెంచిన అవ్వ, అంటే నాయన తల్లి, ఆ ఏడు బావి గట్టున జారిపడి తుంటి విరిగి మంచాన పడింది. నాయన గూడూరులో మైకా కంపెనీ గుమాస్తా. చిల్లకూరు పక్కన మా ఊరి నుంచి పొద్దున్నే సైకిలెక్కితే మళ్లీ పొద్దుగూకాకే రావడం. ఇక మిగిలింది నేను, పన్నెండేళ్ల దాన్ని. అక్కను ఇచ్చింది మేనత్త కొడుక్కే కాబట్టి, రెండూ మన ఇళ్లేగా అనుకుని, వాకాడు అవతల అత్త ఇంట్లోనే పురుడు పోయించారు. మగబిడ్డ పుట్టాడని కార్డు వచ్చింది. అవ్వ వీధిలో అందరికీ బెల్లం పంచమంది.

ఆ తర్వాత పది రోజులకు అక్క దగ్గర్నుంచి అంటించిన ఉత్తరం వచ్చింది. కార్డు కాకుండా అంటించిన ఉత్తరం అంటేనే అవ్వకు గుబులు. మంచం పక్కన కూర్చుని చదివి వినిపించాను. అందరం క్షేమం అని మొదలుపెట్టి, మూడో వాక్యానికే అక్క అసలు సంగతికి వచ్చేసింది.

"అవ్వా, బిడ్డ ఎంతసేపూ ఏడుస్తానే ఉంటాడు. నాకు పాలు చాలడం లేదు. ఎదురింటామె రెండు పూటలా వచ్చి పాలిచ్చి పోతాది. అత్త నాకు పొద్దున ఒక చిన్న గ్లాసు, సాయంత్రం ఒక చిన్న గ్లాసు వేణ్ణీళ్లు ఇస్తాది. ఇంకొంచెం అడిగితే బాలింతకు నీళ్లు పడవంటాది. నోరు పిడచకట్టుకపోతా ఉంది. నిన్న బిడ్డకు పోసే స్నానం నీళ్లు దోసిట్లో పట్టుకొని తాగినాను. అత్త మంచిదే. నన్ను కన్నబిడ్డ మాదిరి చూస్తాది. నీళ్ల దగ్గరే ఆమెకు ఏమవుతాదో తెలీదు. ఇవన్నీ మా అమ్మ నేర్పినవే అంటాది. ఏది చేయాలో ఏది మానాలో నువ్వే చెప్పు. నీ మాటయితే ఇంటాది. నాకు నిద్ర లేదు. లేచి నిలబడితే కళ్లు తిరగతా ఉండాయి."

స్నానం నీళ్ల దగ్గర నేను ఆగాను. అవ్వ ఆగనివ్వలేదు. అంతా విని, "కాగితం తీసుకో" అంది.

అవ్వకు చదువు రాదు. ఊళ్లో ఎవరికి ఏ ఉత్తరం రాయాలన్నా అప్పటికి నేనే దిక్కు, ఆ సంగతి నాకు బాగా తలకెక్కి ఉండేది. అవ్వ చెప్పడం మొదలుపెట్టింది. ఆ చెప్పడంలో వరసా క్రమం లేదు. కాలు నొప్పికి మూలుగుతూ, మధ్యలో నన్ను తిడుతూ, గుర్తుకొచ్చింది గుర్తుకొచ్చినట్టు చెప్పింది.

"బిడ్డకు నూనె రాసి, కాళ్లూ చేతులూ సాగదీసి నీళ్లు పొయ్యండి, అది మానొద్దు. ముక్కులో చెవుల్లో నూనె చుక్కలు మాత్రం వద్దు. చనుమొనలు పిండొద్దు, మొగబిడ్డకైనా ఆడబిడ్డకైనా. కాటుక అరికాలికి పెట్టుకోండి, కంట్లోకి వద్దు. సాంబ్రాణి నీ తల ఆరడానికి, బిడ్డ మొహానికి కాదు. ముర్రుపాలు పిండి పారబోసుంటారు, నేను నేర్పిందేగా, అది జరిగిపోయింది, మళ్లీ కాన్పుకు ఆ పని చెయ్యనీకు. పొట్టకు గుడ్డ కట్టుకో. నలభై రోజులు బరువెత్తొద్దు, బావి మొహం చూడొద్దు, ఆ పద్ధతి ఎవురు పెట్టినారో గానీ మహా తల్లి. బాలింత కాయం ఉసిరికాయంత తింటే చాలు. పాలసొర చేప దొరికితే వెల్లుల్లి వేసి వండి పెట్టమను, ఉత్త కారంపొడి మెతుకులతో పాలు యాడ నుంచి వస్తాయి. నీళ్లు తాగు. కాచి చల్లార్చి, దాహమైనప్పుడల్లా తాగు. నేను చెప్పినానని అత్తకు చెప్పు."

చక్కగా ఉంది కదా. దాన్ని అలాగే రాసి ఉంటే సరిపోయేది. నేను రాయలేదు. అవ్వ మాటలు నాకు మోటుగా తోచాయి. బళ్లో ఆరోగ్యశాస్త్రం పాఠం కంఠతా పట్టి ఉన్నాను. "స్వచ్ఛమైన జలమును సమృద్ధిగా సేవింపవలెను. జలము శరీరమునందలి మలినములను తొలగించును" అని రాశాను. పాలసొర తీసేసి "పుష్టికరమైన ఆహారము" అని పెట్టాను. కింద "ఇట్లు మీ శ్రేయోభిలాషి" అని కూడా తగిలించాను. చదివి వినిపించమంటే అవ్వ చెప్పిన మాటల్నే గుర్తుపెట్టుకుని అప్పజెప్పాను. ఎంత తెలివో చూడండి.

వారం దాటాక అక్క జవాబు వచ్చింది. ఈసారి అక్షరాలు గీతలు తప్పి కిందికి జారుతున్నాయి.

"అవ్వా, నీ ఉత్తరం అత్తకు చదివి వినిపించినాను. సగంలోనే ఆపమంది. ఇది మా అమ్మ మాట కాదు, జలమంట, సేవించాలంట, మా అమ్మ నోట ఇట్టాంటి మాట ఎప్పుడన్నా వచ్చిందా, ఆ చిన్నది బళ్లో చదివింది రాసి పంపింది అనింది. నేను కాళ్లు పట్టుకున్నాను. ఏడ్చింది గానీ ఇయ్యలేదు. నా చేత్తో మళ్లీ ఆ పని చెయ్యనే చెయ్యను అంటాది. మళ్లీ అంటే ఏందో నాకు తెలీలేదు. ఇప్పుడు గదిలో చెంబు కూడా ఉంచడం లేదు. ఎదురింటామె బిడ్డకు జ్వరమని ఆమె రావడం మానేసింది. మా వాడు ఏడవడం కూడా తగ్గించినాడు. బావ నాకెందుకని బయటికి పోతాడు. ఎవురికి చెప్పుకునేది."

ఏడవడం తగ్గించాడంటే నేను మంచి కబురే అనుకున్నాను. అవ్వ మొహం చూశాక కాదని తెలిసింది. "ఏం రాసినావే నువ్వు?" అంది. చెప్పాను. తిడుతుందని తల వంచుకున్నాను. తిట్టలేదు. లేవబోయింది. రెండు చేతులూ మంచం పట్టె మీద ఆనించి, నడుము జానెడు ఎత్తి, మళ్లీ పడిపోయింది. ఆ మంచం దిగగలిగితే ఆమె వాకాడుకు పాక్కుంటూ అయినా పోయి ఉండేదని నాకు ఇప్పటికీ నమ్మకం. దిగలేకపోయింది.

"కాగితం తీసుకో. ఈసారి నేనన్న మాట అన్నట్టే రాయి. నీ మాట ఒక్కటి కలిపినావంటే చెయ్యి విరస్తా. ఇది నీ అక్కకు కాదు. మీ అత్తకు."

రాశాను.

"అమ్మీ, ఇది మీ అమ్మే చెప్తా ఉండాది. వదిన పురిట్లో నువ్వు సాయానికి వచ్చినావు. రెండో రోజుకే వదిన ఒళ్లు కాలిపోయింది. నీళ్లు, నీళ్లు అనింది. నేను ఇయ్యనీలేదు."

వదిన అంటే మా అమ్మ. ఆ మాట రాశాకే నాకు తట్టింది. కలం ఆగింది. అవ్వ నా వైపు చూడలేదు. "రాయిమే" అంది.

"నేను పెరట్లోకి పోయినప్పుడు నువ్వు చెంబెత్తి పోసినావు. నేను చూసినాను. చెంబు లాక్కొని గోడకేసి కొట్టినాను. నాలుగో రోజు ఆమె పోయింది. ఆమెకు గుడ్డ కప్పతా, నీళ్లు పోసి చంపినావు గదే అని నీ చెవిలో అన్నాను. ఇది నీకూ నాకూ తప్ప ఎవురికీ తెలీదు. ఆ పొద్దు గూడూరు నుంచి నర్సమ్మ వచ్చింది గదా. ఆమె నన్ను పక్కకు పిలిచి చెప్పింది. పురిటి జ్వరమంట. మంత్రసాని చేతుల వల్ల వచ్చి ఉంటాదంట. నీళ్ల వల్ల కాదంట. అంత జ్వరంలో నీళ్లియ్యకుండా ఎండబెట్టినారేందమ్మా అని నన్నే అడిగింది. నాకు అప్పుడే తెలుసు. నీకు చెప్పలేదు. చెప్తే ఆ పాపం నా మీదికి వస్తాదని చెప్పలేదు. నువ్వు పోసిన ఆ గుక్కెడే ఆమె తాగింది. నీ కోడలికి నీళ్లియ్యి అమ్మీ. అడిగినన్ని ఇయ్యి."

నాకు అవ్వ మీద కోపం వచ్చింది. పన్నెండేళ్లు నాకు ముద్దలు కలిపి పెట్టిన చెయ్యి అదే. ఆ చెయ్యే మా అమ్మ నోటి దగ్గర చెంబు లాక్కుంది. ఉత్తరాన్ని చించేయాలనిపించింది. చించితే అక్కకు నీళ్లు లేవు. అవ్వ సిరాలో వేలు ముంచి కింద ముద్ర వేసింది. నేను మడిచి అంటించాను. అక్కకు నీళ్లు రాకుండా చేసిన ఉత్తరం రాసింది నేనే, ఎవరినైనా ఏమైనా అనడానికి నాకు వీలే లేకుండా పోయింది.

టపా కోసం ఆగే వ్యవధి లేదు. వానలకు స్వర్ణముఖి పారుతోంది, బస్సు ఏటి ఒడ్డు దాకానే పోతోంది. నాయన సెలవు పెట్టాడు. చొక్కా జేబులో ఉత్తరం పెట్టుకుంటూ, "ఏముందమ్మా ఇందులో?" అని అడిగాడు. "ఆడోళ్ల మాటలు, నీకెందుకు" అంది అవ్వ. ఆయన జేబు మీద చెయ్యి వేసి సరిచేసుకుని బయల్దేరాడు. వాకిట్లో నిలబడి చూస్తూ ఉంటే నాకు ఏడుపు ఆగలేదు.

అయిదో రోజు వచ్చాడు. పడవ కోసం ఒక రోజంతా ఒడ్డునే ఉన్నాడట. బిడ్డ బాగా నీరసించిపోయాడు గానీ ప్రాణానికి భయం లేదన్నారని, అక్క లేచి కూర్చుంటోందని చెప్పాడు. "చెల్లెలు ఎందుకో నాతో మాట్లాడలేదు. నన్ను చూస్తే ఏడుస్తా ఉండాది" అన్నాడు, అత్త గురించి. అక్క ఇచ్చిన ఉత్తరం నా చేతిలో పెట్టి స్నానానికి పోయాడు.

చదివాను. ఉత్తరం చదివి వినిపించింది అక్కే. వింటూ ఉండగానే అత్త లేచి వంటింట్లోకి పోయి చెంబు నిండా నీళ్లు తెచ్చి, తనే పట్టుకుని తాగించిందట. రెండో చెంబు తెచ్చి పక్కన పెట్టిందట. మూడో రోజుకు పాలు పడ్డాయి. బిడ్డ మళ్లీ గట్టిగా ఏడుస్తున్నాడు. ఎదురింటి వాళ్ల నుంచి పాలసొర వచ్చింది. నేను చదువుతూ ఉంటే అవ్వ కళ్లు మూసుకుని తల ఊపుతోంది.

"ఇంకేం రాసింది?"

ఇంకా రెండు వాక్యాలున్నాయి. అత్త చెప్పి రాయించినవి. అవ్వ గద్దించాక చదివాను.

"అమ్మా, పన్నెండేళ్లుగా మా వదినను నేనే చంపినాననుకొని, ఆ పాపం తీరడానికే ఆమె బిడ్డను కోడలిగా తెచ్చుకున్నాను. ఆ పొద్దే నాకు ఒక్క మాట ఎందుకు చెప్పలేదమ్మా?"

నేను కొత్త కాగితం తీసుకుని, పలక మీద పెట్టి, ఏం రాయమంటావని అడిగాను. అవ్వ గోడ వైపు తిరిగి పడుకుంది. మరునాడు అడిగాను. ఆ వారమంతా అడిగాను. ఆ తర్వాత ఆమె మూడేళ్లు బతికింది, ఎన్నో ఉత్తరాలు చెప్పి రాయించింది. ఆ ఒక్కదానికి మా ఇంటి నుంచి జవాబు పోలేదు.