తప్పిపోయిన గేదె చీటీ

మార్టూరు దగ్గర మా అత్తగారి ఊళ్లో, మిరప కోతల రోజుల్లో మా పాడిగేదె తప్పిపోయింది. మా ఆయన కాయలమ్మడానికి గుంటూరు వెళ్లారు. ఇంట్లో చదువొచ్చినదాన్ని నేనే కాబట్టి దండోరా వేయించడానికి చీటీ రాయడం నా నెత్తిన పడింది.

"మన గేదె లక్ష్మీదేవి లాంటిదని రాయవే," అంది అత్తయ్య.

"లక్ష్మీదేవని రాస్తే ఎవరు గుర్తుపడతారు, అత్తయ్యా?"

"పడమటి బజారువాళ్లే తోలుకుపోయారని రాయమ్మా," అన్నారు బావగారు. చూశారా అంటే చూళ్లేదు, అనుమానమట. నాకు ఒళ్లు మండింది.

చివరికి తెలిసిందే రాశాను. మంగళవారం సాయంత్రం చెరువు వెనక పత్తి చేను దగ్గర తప్పిపోయింది. నల్లగేదె, ఎడమ కొమ్ము కిందికి వంగి ఉంటుంది, తోక కుచ్చు తెలుపు. కనిపిస్తే బస్సులు ఆగే చోట కాఫీ హోటల్లో చెప్పగలరు. కుడిచెవి లోపలి చీలిక మాత్రం రాయలేదు. ఎవరన్నా వేరే గేదెను తెచ్చి మీదేనంటే అడగడానికి దాచుకున్నాను.

దండోరా వేసే ఆయనకు చదివి వినిపించాను. ఆయన తప్పట కొట్టి బాగానే చెప్పాడు. విన్నవాళ్లే చెడగొట్టారు. రెండు రోజులకల్లా తోక తెలుపు మొహానికి ఎక్కింది, పక్క ఊరు చేరేసరికి ఒక గేదె రెండైంది. తెల్లమొహం గేదెలను తోలుకుని జనం మా వాకిట్లోకి వచ్చారు. ఒకాయన తను తెచ్చింది మా గేదేనని వాదించాడు కూడా. "కుడిచెవిలో గుర్తేముందో చెప్పండి," అంటే, చెవిలో గుర్తులుంటాయా అని విసుక్కుని వెళ్లిపోయాడు.

విసిగిపోయి కాఫీ హోటలు సాయిబుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన చీటీని గోడకు అంటించి, దాన్ని చూసి అక్షరం పొల్లుపోకుండా నకళ్లు రాశారు. గుంటూరు బళ్లు తోలేవాళ్లకు తలా ఒకటిచ్చి, "నోటితో చెప్పొద్దు, చదివించండి," అన్నారు.

అలా ఒక బండాయన ఓ ఊరి బందెలదొడ్డి దగ్గర చీటీ చదివించాడు. చేలో పడ్డ గొడ్లను కట్టేసే చోటది. కాపలాదారు లోపల కట్టేసిన నల్లగేదెను చూపించి అన్నాడట: "మేం విన్నది తెల్లమొహం గేదె. అందుకే దీని సంగతి ఎవరికీ చెప్పలేదు."

గేదె అక్కడే ఉంది. కబురందగానే బావగారూ నేనూ వెళ్లాం. కాపలాదారు చీటీలో లేని గుర్తొకటి చెప్పమన్నాడు. చెవి చీలిక చెప్పాను. చూసి విప్పేశాడు. ఇదేదో తనకే గుర్తొచ్చినట్టు బావగారు తల ఊపారు.

ఇంటికి రాగానే హోటలు గోడ మీద చీటీపై "దొరికింది" అని నా చేత్తో రాశాను. బళ్లవాళ్లకూ చెప్పించాను. అయినా మిరపకాయలన్నీ అమ్ముడైపోయాక కూడా ఎవరో ఒకరు గేదెను తోలుకొస్తూనే ఉన్నారు. వాళ్లకు మంచినీళ్లిచ్చి పంపడమే నా పనైపోయింది.