పిట్టకు పెట్టిన రోజు

నా నడుముకుండే చిన్న మిషన్‌కు కొన్ని తెలుసు, కొన్ని తెలియవు. చేతికి అంటించుకున్న సెన్సర్ కొద్ది నిమిషాలకోసారి నా చక్కెర ఎంతుందో చెబుతుంది. దాన్ని బట్టి మిషనే ఇన్సులిన్ పెంచుతుంది, తగ్గిస్తుంది, చక్కెర పడిపోయేలా ఉంటే ఆపేస్తుంది. కానీ నేను అన్నం తినబోతున్నానని దానికి తెలియదు. ఎంత తింటానో ముందుగా నేనే చెప్పాలి. ఇన్సులిన్ నింపుకోవడం, ఒంట్లోకి పోయే గొట్టం మార్చుకోవడం కూడా నా పనే.

కంచం ముందు కూర్చుంటే చాలు, మా నాయిన "చెప్పినవా దానికి?" అని అడిగేవాడు. రోజూ అదే మాట. నాకు ఒళ్లు మండేది. చక్కెర పడిపోతే తినడానికి గ్లూకోజ్ పొట్లం ఆయన చొక్కా జేబులోనే ఉండేది, నా సంచిలో కాదు.

ఆయన పోయిన మూడో రోజు, ధరూర్ దగ్గర మా చేలో పిట్టకు పెట్టాం. విస్తరిలో జొన్నరొట్టె, మటన్ కూర, అన్నం, పక్కన చక్కెర దండిగా వేసిన చాయ్. అన్నీ ఆయనకు ఇష్టమైనవే. కాకి ముట్టాకే ఇంటివాళ్లు తినాలి.

"ఇగ తిందాం, కూసో బిడ్డా" అంది మేనత్త. నేను మిషన్‌కు చెప్పేశాను. అన్నానికి సరిపడా ఇన్సులిన్ ఒంట్లోకి పోయింది. కాకి మాత్రం కరెంటు తీగ మీదే కూర్చుంది, ఎంతసేపు చూసినా దిగలేదు.

"ఆయనకు ఏందో కోరిక మిగిలింది" అన్నారెవరో. అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. అంతలో మిషన్ మోగింది. చేతులు వణుకుతున్నాయి, చెమట పట్టింది.

"మోగుతుంది గదా, అదే చూస్కుంటది. జర ఆగు" అంది మేనత్త.

అది చూసుకుంది. ఇన్సులిన్ ఆపేసింది. కానీ లోపలికి పోయినదాన్ని వెనక్కి లాగడం దానికి రాదు. ఇప్పుడు నా నోట్లో తీపి పడాలి. సంచి తడుముకున్నాను, ఏమీ లేదు. పొట్లమున్న చొక్కాతోనే నాయినను సాగనంపామని అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ వైపు తిరిగాను.

అమ్మ నా ముఖం చూసింది. లేచి, విస్తరి పక్కనున్న చాయ్ గ్లాసు తీసింది.

"పిట్ట ముట్టలేదు వదినా" అని మేనత్త అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఆయనుంటే ముందు దీనికే తాపుతుండె" అంది అమ్మ, చెయ్యి విడిపించుకుని.

చల్లారిన చాయ్. గ్లాసు అడుగున కరగని చక్కెర కూడా వేలితో తీసి నాకు తినిపించింది. కాసేపటికి వణుకు తగ్గింది. ఆ తర్వాత కాకి దిగిందట, నేను చూడలేదు.

పడిపోయిన చక్కెర కోసం తాగిన చాయ్ గురించి మిషన్‌కు చెప్పకూడదు, చెబితే మళ్లీ ఇన్సులిన్ వేస్తుంది. అది తెలిసే ఊరుకున్నాను. అయినా చాలాసేపు చెవులు రిక్కించుకునే కూర్చున్నాను. చెప్పినవా అని ఎవరూ అడగలేదు.