సాంసన్ చెప్పిన అరవై ఐదు లీటర్లు

ఆత్మకూరు బస్టాండు ఎదుట, నాగేశ్ బ్యాగుల దుకాణంలో సాంసన్‌కు ఒక ఇనుప స్టూలు, ఒక కుట్టు మిషను, ఒక పేరు ఉన్నాయి. మొదటి రెండూ నాగేశ్‌వి. మూడోది మాత్రం తన సొంత సంపాదన అని సాంసన్ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు. ఊరి బడిలో ఏడో తరగతి వరకే చదివాడు. పదహారో ఏట బొంబాయి బస్సెక్కి బ్యాగుల కార్ఖానాలో ముప్పై ఒక్క ఏళ్లు కుట్టాడు. చివరి పదకొండేళ్లు ఇరవై మిషన్ల మీద మేస్త్రీ. కళ్లు మూసుకుని జిప్పు పళ్లు తడిమితే చాలు, దాని సైజు నంబరు చెప్పేవాడు. వాడి చేతికింద పని నేర్చుకున్నవాళ్లు తొమ్మిదిమంది సొంత దుకాణాలు పెట్టుకున్నారు. ఆ తొమ్మిది పేర్లూ వరసగా చెప్పగలడు, చెప్పేవాడు కూడా.

దుకాణానికి కొత్త సరుకు వస్తే సాంసన్ దాన్ని కొలిచి ఫోన్లో మాటలు రికార్డు చేసేవాడు. నాగేశ్ ఆ మాటలను వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. "గీ బ్యాగు ముప్పై లీటర్లు. రెండు అరలు. లోపలి అర జిప్పు ఐదో నంబరు, పెద్ద నోటికి ఎనిమిదో నంబరు. ఇద్దరి బట్టలు మూడు జతలు పడతయ్, చెద్దరు పట్టదు, పట్టదు అంటే పట్టదు." ఊళ్లలో ఈ గొంతు విని బ్యాగు కొనేవాళ్లు. కంపెనీవాళ్లు అట్ట మీద ఏం అచ్చేసినా, పక్క బండి ఈదమ్మ దగ్గర బొరుగుల బస్తా అరువు తెచ్చి, లీటరు పాల కొలతతో బ్యాగులోకి పోసి లెక్కపెట్టనిదే సాంసన్ లీటర్ల మాట ఎత్తేవాడు కాదు. గుడ్డలను కుక్కితే ఎంతయినా దిగుతాయి, బొరుగులు మాత్రం అబద్ధం చెప్పవు అనేవాడు.

ఒక్కసారి మాత్రం కొలవలేదు. కిందటి నెల ఇటిక్యాలలో తమ్ముడి కూతురి పెళ్లిలో ఉండగా నాగేశ్ ఫోన్లో ఒక నీలం బ్యాగు ఫోటో పంపించాడు. అట్ట మీద అరవై ఐదు లీటర్లు అని ఉంది. చుట్టూ చుట్టాలున్నారు. "కొలవాల్నా మామా?" అని ఎవరో అడిగారు. "ముప్పై ఒక్క ఏండ్లు ఏం గడ్డి పీకిన? చూస్తే చాలు" అని అందరికీ వినబడేలా ఫోన్లో అరవై ఐదు అన్నాడు. రాములమ్మ ముఠా ఆ బ్యాగులు పన్నెండు కొన్నది. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి ఆరు నెలలు పుణెలో ఇళ్లు కట్టే పనికి పోయే కూలీల ముఠా.

ఈ పొద్దున రాములమ్మ దుకాణం మెట్లెక్కింది. చంకలో బ్యాగు, దాని చుట్టూ తాడు. తాడు విప్పగానే జొన్నపిండి సంచి, కారప్పొడి డబ్బా, పిల్లల స్వెట్టర్లు నేల మీద పడ్డాయి. జిప్పు పళ్లు బాగానే ఉన్నాయి. జిప్పు పట్టీ మాత్రం మూల దగ్గర జానెడు మేర గుడ్డనుంచి ఊడి వేలాడుతున్నది.

"ఏంది పెద్దన్నా గిది? నీ నోట్లకెల్లి వచ్చిన మాట నమ్మి తెచ్చుకుంటిమి. చెద్దరు పట్టలే, సగం బట్టలు పట్టలే. మోకాలు పెట్టి మూస్తే జిప్పే ఊడె. నాలుగు గంటలకు వనపర్తిల బస్సు. నా ఒక్కదానిది కాదు, పన్నెండు మందివీ గిట్లనే ఉన్నయ్."

"అరవై ఐదు లీటర్లమ్మా, గట్టిగ కుక్కిన్రు గావచ్చు" అన్నాడు నాగేశ్ గల్లా దగ్గరనుంచి కదలకుండా.

"నీతోని మాట్లాడ్తలే సేటూ. నిన్ను నమ్మి కొన్లే."

ఆ మాటతో సాంసన్ చెవులు ఎర్రబడ్డాయి. స్టూలు తన్ని లేచాడు. ఈదమ్మ బండి మీది బొరుగుల బస్తా అడక్కుండానే ఎత్తుకొచ్చాడు. బ్యాగు ఖాళీ చేసి, నోరు పూర్తిగా తెరిచి నిలబెట్టి, కొలతతో పోయసాగాడు. ఒకటి, రెండు, మూడు. అంచు గీయకుండా విసురుగా ముంచి పోస్తున్నాడు. ఒక్కొక్క కొలతా అంచు దాటి గుమ్మటంలా పొంగుతున్నది. నలభై ఒకటి దగ్గర బొరుగులు అంచుకు వచ్చాయి.

"నలభై ఒకటి! ఇగో చూడు నాగేశ్" అన్నాడు టేపు తీసి బ్యాగు మీద పెడుతూ. "పొడుగు అరవై, అడ్డం ముప్పైనాలుగు, ఎత్తు ముప్పైరెండు. గుణిస్తే అరవై ఐదు వస్తది. గియ్యి బయటి కొలతలు. ముందు జేబు ఉబ్బు, వెనక జేబు ఉబ్బు, పక్కన చెప్పుల అర, అన్నీ కలిపి లెక్క వేసిన్రు. జేబులు నింపితే లోపలి జాగ గంత మేర కుదించుకుపోతది. గంత పెద్ద నోటికి సన్న ఐదో నంబరు జిప్పు. పట్టీకి ఒక్కటే వరస కుట్టు. గిది బ్యాగా, ఊదిన బుడగనా?"

"కంపెనీ అచ్చేసింది. నేనేం చేస్త? నువ్వే గదా చెప్తివి ఫోన్ల."

అది నిజం. ఆ నిజమే సాంసన్‌ను ఇంకా మండించింది. "చెప్పిన! కొలవకుండ చెప్పిన! పెండ్లిల నలుగురి ముందర షోకు కోసం చెప్పిన. నా గొంతు తీస్కపోయి గ్రూపుల పెట్టినవ్ గదా, ఇది గూడ పెట్టు." నాగేశ్ ఫోను లాక్కుని, గ్రూపు తెరిచి రికార్డు నొక్కాడు. "నేను సాంసన్. ముప్పై ఒక్క ఏండ్లు బ్యాగులు కుట్టినోన్ని. నీలం రంగు బ్యాగు అరవై ఐదు కాదు, నలభై ఒకటి. తప్పు నాది. చెద్దరు పట్టదు. కొన్నోళ్లు బ్యాగు తెండ్రి, జిప్పుకు రెండో వరస కుడ్త."

"అన్నా, దుకాణం మూయించేటట్టున్నవ్" అంటూ నాగేశ్ ఫోను అందుకోబోయేసరికి సందేశం వెళ్లిపోయింది. "రేపటి సంది నీ మిషను నీ ఇంట్ల పెట్టుకో."

"మిషను నీదే సేటూ. నాది పేరొక్కటే. గా పేరు ఇయ్యాల సగం పోయింది."

పదకొండు గంటలకల్లా ముఠా ఆడవాళ్లు బ్యాగులతో వచ్చారు. సాంసన్ ఒక్కొక్కటీ మిషను కింద పెట్టి జిప్పు పట్టీకి రెండో వరస వేశాడు. మూలల్లో ఊడకుండా ముందుకీ వెనక్కీ మూడుసార్లు తిప్పి బిగించాడు. తల ఎత్తకుండానే కసురుకుంటున్నాడు. "చెద్దర్లు బియ్యం సంచిల కట్టుకోండ్రి. పిండి అడుగున పెట్టుండ్రి, కారం డబ్బా జేబుల కాదు, నడుమల. ఐదో నంబరు జిప్పు, మోకాలు పెడితే నన్ను అడగొద్దు."

రాములమ్మ ఒక మూల కూర్చుని, కుట్టయిపోయిన తన బ్యాగు ముందు పెట్టుకుని, పాల కొలత తీసుకుంది. బస్తాలో ముంచి, అరచేత్తో అంచు సమంగా గీసి, బ్యాగులో పోసింది. మళ్లీ ముంచి, గీసి, పోసింది.

"ఏం జేస్తున్నవ్ రాములమ్మా? నేను కొలిచిన గదా."

"నువ్వు చెప్తే ఒకసారి నమ్మితిమి."

మిషను ఆగిపోయింది. మిగతా ఆడవాళ్లు చుట్టూ చేరి గొంతు కలిపి లెక్కపెట్టారు. నలభై, నలభై ఒకటి. బొరుగులు ఇంకా అంచుకు రాలేదు. నలభై రెండు. నలభై మూడు.

"నలభై మూడు" అంది రాములమ్మ కొలత కింద పెడుతూ. "కోపంతోని కుప్పలు కుప్పలు పోస్తివి. నా బ్యాగుకు రెండు లీటర్లు తక్కువ చెప్పినవ్."

ఆడవాళ్లు ఫక్కున నవ్వారు. గల్లా దగ్గర నాగేశ్ కూడా నవ్వాడు. సాంసన్ మాత్రం నవ్వలేదు. దవడ బిగించి, చేతిలోని దారం పళ్లతో తెంపి, ఎడమ చేయి నాగేశ్ వైపు చాచాడు.

"ఫోన్ ఇయ్యి."

"మళ్లా ఏంది అన్నా?"

"నలభై మూడు. రాములమ్మ కొలిచింది అని చెప్పాలె. ఇయ్యి!"