చాచా ఫోన్‌కు నేను చేసిన వైద్యం

మార్కాపురంలో నాది ఫోన్ రిపేరు దుకాణం. పదిహేనేళ్లుగా స్క్రూలు విప్పుతున్నాను కాబట్టి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. ఆ పొగరు దించింది ఒక ఆటో చాచా ఫోన్.

చాచా వారానికి మూడు రోజులు కొనకనమిట్ల దగ్గర పల్లె నుంచి ఒక అక్కను డయాలసిస్‌కు తెచ్చేవాడు. ఆసుపత్రి దగ్గర దింపి, ఊళ్లో బాడుగలు తోలుకునేవాడు. అక్కడ మిషన్ ఒకరోజు తొందరగా దొరికేది, ఒకరోజు ఆలస్యంగా. అయిపోగానే ఆమె ఫోన్ చేయాలి, ఈయన పోవాలి. ఆమె ఇల్లు చేరడమనేది ఆ ఒక్క కాల్ మీదే ఉండేది.

ఒకరోజు చాచా వచ్చి ఫోన్ నా బల్ల మీద పడేశాడు. "ఏంది బేటా ఇది, పొద్దస్తమానం అప్‌డేట్ అప్‌డేట్ అని పాణం తీస్తాంది!" కొత్త వెర్షన్ వచ్చింది. గొప్పగా నేనే నొక్కాను.

రెండు రోజులకే తిరిగొచ్చాడు. "ఏం చేసినావురా దీన్ని? మధ్యాన్నానికే సచ్చిపోతాంది. పెనం మాదిరి కాలతాంది. యేలు పెట్టి ఎంతసేపు గీకినా కదలదు."

"బ్యాటరీ ముసలిదయింది చాచా" అన్నాను. పరీక్షించానా? లేదు. అంత పెద్ద మేధావికి పరీక్షలెందుకు? కొత్త బ్యాటరీ వేసి, ఇక దిగుల్లేదని పంపించాను.

తర్వాతి డయాలసిస్ రోజు, ఎండ మండిపోతుండగా, ఆ అక్క ఒక్కతే నా దుకాణం మెట్లెక్కింది. సూదులు తీసిన చేతికి పట్టీ, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తమ్ముడూ, చాచా ఈడ ఉంటాడంట గదా. గంట నుంచి ఫోన్ చేస్తాండా, స్విచ్చాఫ్ అంటాంది. కండ్లు తిరగతాండాయి, ఇంగ ఆడ నిలబడలేక వచ్చినా."

కుర్చీ వేసి నీళ్లిచ్చాను. ఒక్క గుటక తాగి గ్లాసు పక్కన పెట్టింది. అంతకు మించి తాగకూడదట. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆసుపత్రి దగ్గర ఆమె కనబడక చాచా పరుగున ఇక్కడికే వచ్చాడు. ఆమెను చూసి నోట మాట రాలేదు. నన్ను చూశాక మాత్రం చాలా మాటలు వచ్చాయి, తెలుగులో సగం, ఉర్దూలో సగం. అన్నీ పడ్డాను.

ఆ తిట్ల మధ్యే ఫోన్‌ను చార్జర్‌కు తగిలించి, సెట్టింగ్స్‌లో బ్యాటరీని ఏది తింటోందో మొదటిసారి చూశాను. అన్నిటికన్నా పైన సిస్టమే ఉంది. అప్‌డేట్ తర్వాత ఫోన్‌కు లోపల బోలెడు పని మిగులుతుంది. యాప్‌లన్నిటినీ కొత్త వెర్షన్‌కు తగ్గట్టు మళ్లీ సిద్ధం చేసుకోవాలి, ఫోటోలన్నీ మళ్లీ తిరగేసుకోవాలి. చాచా ఫోన్ నిండా వేల కొద్దీ గుడ్ మార్నింగ్ పూలగుత్తులు! ఆ బరువు పనిని ఎక్కువగా ఫోన్ చార్జింగ్‌లో ఉండి, ఎవరూ ముట్టుకోనప్పుడు చేసుకుంటుంది. ఒకటి రెండు రోజుల్లో అయిపోవాలి. దీనికెందుకు కాలేదు?

"రాత్రి చార్జింగ్ పెడతావా చాచా?"

"పిచ్చా నీకు? పేలిపోదూ! రాత్రికి ఆఫ్ చేసి పెట్టెలో పెడతా. పగలంతా పని చేస్తాది, దానికి రెస్ట్ వద్దా?"

"మరి చార్జింగ్?"

"ఆటోలోనే, పాటలు పెట్టుకోని. పొదుపు గూడా చేస్తా. అన్నీ గీకి గీకి మూసేస్తాంటా."

ఓరి దేవుడా! రాత్రుళ్లు దాన్ని పడుకోబెట్టేశాడు, పగలు పాటలు పాడించాడు, అది ఎప్పుడు సర్దుకోవాలి? పైగా మూసిన యాప్‌ను మళ్లీ మొదటి నుంచి తెరవడానికీ చార్జింగే ఖర్చు. ఈయనకు ఈయన వైద్యం, నాకు నా వైద్యం. మధ్యలో నలిగింది ఆ అక్క.

బ్యాటరీ డబ్బులు తిరిగిచ్చేసి, రాత్రి ఫోన్ ఆన్‌లోనే ఉంచి, గట్టి చార్జర్‌కు తగిలించి, దుప్పట్లకు దూరంగా ఉత్త బండ మీద పెట్టి ముట్టుకోవద్దని చెప్పాను. ఆమె నంబరు నా ఫోన్‌లో వేసుకుని, నాది ఆమెకిచ్చాను. అసలు ఆ ఏర్పాటు మొదటే ఉండాల్సింది.

రెండు రాత్రులకు వేడి తగ్గింది. పూర్తిగా నయమైందని కోతలు కోయను, పాత ఫోన్‌కు కొత్త వెర్షన్ బరువే, ఇప్పటికీ కొంచెం మెల్లగానే కదులుతుంది. కానీ సాయంత్రం దాకా ఉంటుంది.

ఆ తర్వాతి డయాలసిస్ రోజు నాకు కాలు నిలవలేదు. గంటగంటకూ చాచాకు ఫోన్ చేసి ఎంత చార్జింగ్ ఉందని అడిగాను. నాలుగోసారి బిజీ వచ్చింది. మళ్లీ చేశాను, మళ్లీ బిజీ. ఇంకోసారి చేస్తే ఎత్తాడు.

"పెట్టేయ్ రా! ఆస్పత్రి నుంచి అమ్మాయి చేసింది, పోతాండా!"