కుర్చీ లేని ఆఫీసు

ఆ వీధిలో అందరూ ఆయన్ని అడుగుల బాబాయి అంటారు. మనిషి ఎత్తు ఎంతో ఆయనకే గుర్తుండదు కానీ, ఏ భవనంలో ఏ అంతస్తు ఎన్ని చదరపుటడుగులో నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాడు. కంపెనీలకు ఆఫీసులు అద్దెకు కుదిర్చే బ్రోకరు. ఇరవై ఏడేళ్ళ నుంచీ ఊరందరికీ ఆఫీసులు చూపించాడు గానీ, తనకంటూ ఒక్కటీ లేదు. ఆయన ఆఫీసంటే స్కూటరు, చంకలో ఫైలు, ఇంట్లో ఫోను. ఆ ఫోను ఎత్తేది పిన్ని. వంటింట్లో కుక్కరు మోగుతున్నా సరే, "హలో, ఆఫీసండీ" అని ఎంత దర్జాగా అనేదంటే, అవతలివాడు అక్కడేదో అద్దాల గది ఉందనుకునేవాడు.

ఈ మధ్య పనులు తగ్గాయి. బావమరిదికి ఇనప సామాన్ల కొట్టుంది. "బావా, తిరిగింది చాలు గానీ వచ్చి బిల్లులు రాస్కో" అని కనబడ్డప్పుడల్లా పిలుస్తున్నాడు. ఆ మాట వింటే బాబాయికి కారం రాసినట్టుండేది. సరిగ్గా అప్పుడే నలభైమందికి చోటు వెతుకుతున్న ఒక కంపెనీ అడ్మిన్ మేడమ్, పిన్ని ఇంట్లో లేని పూట ఫోన్ చేసి, "గురువారం పదకొండింటికి మీ ఆఫీసుకొస్తాను, అక్కడ మాట్లాడుకుందాం" అంది. ఈ పని దక్కితే నిలబడతాడు, లేకపోతే కొట్లో మేకులు తూకం వెయ్యాలి. పిన్నిని అడిగితే ఏం చెబుతుందో తెలుసు గనక ఆమెను అడగలేదు.

సోమవారం పొద్దున్నే తన కోసం తానే ఆఫీసు వెతకడం మొదలుపెట్టాడు. ఎంత చిన్న గదికైనా ఓనరు మూడేళ్ళ లాకిన్, ఆరు నెలల అద్దె డిపాజిట్ అన్నాడు. లాకిన్ అంటే ఈలోపు ఖాళీ చేసినా మిగిలిన నెలల అద్దె కట్టి తీరాల్సిందే. గదిలో నాలుగు గోడలు తప్ప ఏమీ లేవు. లైట్లు, కుర్చీలు, ఇంటర్నెట్టు, ఊడ్చే మనిషి, అన్నీ అద్దెకున్నవాడివే. ఈ షరతులన్నీ ఇన్నేళ్ళూ ఇతరుల చేత నవ్వుతూ సంతకం పెట్టించినవాడే బాబాయి. తన దాకా వచ్చేసరికి మాత్రం నవ్వు రాలేదు.

పక్క వీధిలో కోవర్కింగ్ ఉంది, అంటే ఒకే చోట పలు కంపెనీలకు సీట్ల లెక్కన అద్దెకిచ్చే ఆఫీసు. అక్కడ ఒక సీటు తీసుకుంటే మూడు నెలల లాకిన్, ఒక నెల డిపాజిట్. కరెంటు, ఇంటర్నెట్టు, శుభ్రం చెయ్యడం, కాఫీ అందులోనే. వాళ్ళిచ్చిన రేట్ల కాగితంలో అడుగున ఇంకా చవకైన ప్లాను కనిపించింది. వర్చువల్ ఆఫీసు. డిపాజిట్ అసలు లేదు, ఏడాదికి ఒక్కసారి ముందుగా కడితే చాలు. అడ్రసు, రిసెప్షన్, ఉత్తరాలు తీసుకోవడం, ఫోన్లకు జవాబు, నెలకు రెండు గంటలు మీటింగ్ రూమ్. "ఇన్ని సౌకర్యాలా!" అని బాబాయి అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు. అద్దె ఒప్పందాలు చదివీ చదివీ అలవాటైన కళ్ళు మరి. వాటిలో చోటు ఎలాగూ ఉంటుంది, పోట్లాటంతా సౌకర్యాల గురించే. అందుకే సౌకర్యాల పట్టికను మూడుసార్లు చదివాడు గానీ, చోటు ఉందా లేదా అని ఒక్కసారీ చూడలేదు.

గురువారం తొమ్మిదిన్నరకు పేరుబోర్డు, మడత బల్ల, టేబుల్ ఫాను, ఫ్లాస్కు, వాటితోపాటు పిన్నినీ వ్యానులో దించాడు. రిసెప్షన్‌లోని అమ్మాయి ఫానును చూసింది, బల్లను చూసింది, బాబాయిని చూసింది.

"సార్, ఇవన్నీ ఎక్కడికి?"

"నా ఆఫీసులోకమ్మా. ఏ వైపు?"

"మీది వర్చువల్ ప్లాను సార్. మీకిక్కడ సీటు లేదు."

"సీటు లేకపోతే గది ఇవ్వు. నాకేం పట్టింపు లేదు."

"గది కూడా లేదు సార్. మీ అడ్రసు మాత్రం ఉంది."

పిన్ని బాబాయి చేతిలోని ఒప్పందం కాగితం లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని రెండు పేజీలూ చదివింది.

"బాగానే ఉంది. అమ్మాయి ఫోను ఎత్తుతుంది, ఉత్తరాలు తీసుకుంటుంది, మీరెక్కడున్నారో ఎవరికీ చెప్పదు. ఇంట్లో నేను చేసేదే కదండీ! దీనికి డబ్బులు కట్టొచ్చారా?"

"అది కాదే..."

"ఏడాది లోపు వద్దన్నా కట్టింది తిరిగిరాదట, చదివారా? మీ తెలివి తెల్లారినట్టే ఉంది! సర్లెండి. రెండు గంటల మీటింగ్ రూముందిగా. అమ్మాయీ, పదకొండు నుంచి ఒంటిగంట దాకా మా పేరు రాయమ్మా."

ఫాను, బల్ల, బోర్డు మెట్ల కింద దాక్కున్నాయి. అడ్మిన్ మేడమ్ టంచనుగా వచ్చింది. కూర్చుంటూనే, "ఇంకో బ్రోకరు ఫ్లోరు మొత్తం మూడేళ్ళకి తీసుకోమంటున్నాడు. మీరేమంటారు?" అంది.

అలాంటి లీజైతే బ్రోకరేజీ ఎక్కువ. బాబాయి నాలుక అటే లాగింది. "బ్రహ్మాండం మేడమ్! సొంత తలుపు, సొంత బోర్డు..."

"ప్రాజెక్టు ఎన్నాళ్ళమ్మా?" అంది పిన్ని మధ్యలో.

"పద్నాలుగు నెలలైతే ఖాయం. ఆ తర్వాత ఏమో."

"అయితే మిగతా ఇరవైరెండు నెలలూ ఖాళీ ఫ్లోరుకి అద్దె కడతారా? బల్లలకీ ఏసీలకీ మీరే ఖర్చు పెట్టాలి. పోయేటప్పుడు ఆ గోడలకి మళ్ళీ రంగులు వెయ్యాలంటాడు ఓనరు. డిపాజిట్టు కోసం అతని చుట్టూ తిరగాలి."

"కోవర్కింగ్ తీసుకుంటే సీటు లెక్కన ఎక్కువవుతోంది కదండీ?"

"అవుతుంది. కానీ అన్నీ అందులోనే. లాకిన్ పన్నెండు నెలలకి ఒప్పించండి, తర్వాత సీట్లు తగ్గించుకునే వీలు రాయించుకోండి. అక్కడా తిరకాసులున్నాయమ్మా. సాయంత్రం ఏసీ ఆపేస్తారు, కావాలంటే విడిగా కట్టాలి. మీటింగ్ రూముకి గంటల లెక్క. మిమ్మల్ని ఇంకో గదిలోకి మార్చే హక్కు వాళ్ళకుందేమో చూడండి. అన్నిటికంటే ముందు వాళ్ళ లీజు ఇంకా ఎన్నాళ్ళుందో అడగండి. వాళ్ళూ అద్దెకున్నవాళ్ళే. వాళ్ళని ఓనరు ఖాళీ చేయిస్తే మీరూ రోడ్డు మీదే."

బాబాయి నోరు తెరుచుకుని వింటున్నాడు. ఆయన సంతకాలయ్యాక చేతులు దులుపుకుని వచ్చేసేవాడు. తర్వాత నీళ్ళు కారినా, లిఫ్టు ఆగినా, ఓనరు డిపాజిట్టు ఎగ్గొట్టినా తిట్లన్నీ ఇంటి ఫోనుకే వచ్చేవి. ఆమె ఇరవై ఏడేళ్ళూ అవి విని, సర్దిచెప్పి, గుర్తుపెట్టుకుంది.

అడ్మిన్ మేడమ్ ఆమె వంకే చూస్తోంది. "ఆరేళ్ళ క్రితం పాత కంపెనీలో మా డిపాజిట్ ఆపేస్తే మీ ఆఫీసుకి ఫోన్ చేశాను. చేరిన రోజు తీసిన ఫొటోలు ఓనరుకి పంపమని చెప్పిన గొంతు మీదేనా?"

"నాదే. డబ్బులొచ్చాయా?"

"మొత్తం వచ్చాయి. మీ కోసమే ఆఫీసుకొస్తానన్నాను. పని మీకే ఇస్తున్నాను. కానీ నేను ఫోన్ చేస్తే మీరే ఎత్తాలి."

ఒంటిగంటకు రిసెప్షన్ అమ్మాయి తలుపు తట్టి ముగ్గుర్నీ బయటికి పంపించింది. మేడమ్ వెళ్ళాక పిన్ని నేరుగా కౌంటరు దగ్గరికి నడిచింది.

"ఆ ప్లాను మార్చి ఒక సీటియ్యమ్మా. కట్టిన డబ్బులు ఇందులో పట్టుకో. ఆ మూడు నెలల లాకిన్ ఒక నెల చెయ్యి."

"ఒక్క సీటేనా? మరి నేనో?" అన్నాడు బాబాయి.

"మీరు ఇంటికెళ్ళి ఫోను ఎత్తండి."

ఎత్తాడు. మధ్యాహ్నం మూడింటికి మోగింది. నాలుగేళ్ళ క్రితం ఆయనే కుదిర్చిన ఫ్లోరు, పైకప్పు కారి కంప్యూటర్లు తడిశాయట. అవతలివాడు పది నిమిషాలు ఆగకుండా కడిగేశాడు. ఆ లీజులో మరమ్మతు ఎవరిదో బాబాయికి గుర్తులేదు. ఇన్నేళ్ళూ పిన్ని ఇలాంటివి ఎన్ని విందో, సాయంత్రం తను ఇంటికొస్తే ఒక్కటైనా చెప్పిందా అని తలుచుకుంటే నిలువునా సిగ్గేసింది.

"ఇంతకీ మాట్లాడేది ఎవరయ్యా?" అని అరిచాడు అవతలివాడు.

"నేను ఉత్త బ్రోకర్నండి" అన్నాడు బాబాయి. "ఒక్క నిమిషం ఉండండి, ఆఫీసునడిగి చెప్తాను."