నెబాహత్ అక్క ప్రమాణం

తుర్కు దేశపు సముద్రతీర పట్టణం అలాన్యాలో, నోటరీ ఆఫీసు ఎదుటి సందులో, రెండో అంతస్తులో, నెబాహత్ అక్క అనువాదాల గది ఉంటుంది. యాభై తొమ్మిదేళ్ల మనిషి. బల్గేరియాలో తుర్కు కుటుంబంలో పుట్టింది. అక్కడి సర్కారు తుర్కుల పేర్లు బలవంతంగా మార్పించిన రోజుల్లో నెవెనా అయింది. సరిహద్దు దాటి వచ్చాక మళ్లీ నెబాహత్ అయింది. ఆమెకు రెండు పేర్లతో రెండు జనన పత్రాలున్నాయి. ఈ రెండింట్లో ఏది నిజమని ఎవరైనా అడిగితే, "ముద్ర రెండింటిమీదా ఉంది నాయనా" అనేది. బల్గేరియా బడిలో బెత్తం దెబ్బలతో నేర్చుకున్న రష్యన్ భాష ఇక్కడ ఆమెకు ముప్పై ఏళ్లుగా కూడు పెట్టింది.

పని చెప్పుకోవడానికి తేలికే. రష్యన్ మాట్లాడే దేశాల కచేరీలు ఇక్కడి జనన పత్రాన్నీ పెళ్లి పత్రాన్నీ ఊరికే నమ్మవు. ముందు అసలు పత్రం మీద తాలూకా కచేరీలో అపోస్టిల్ ముద్ర పడాలి. ఈ సంతకం మా అధికారిదేనని ఇంకో దేశానికి చెప్పే ముద్ర అది. తర్వాత పత్రాన్నీ, దాని మీది ఆ ముద్రనూ అక్షరం వదలకుండా రష్యన్‌లోకి మార్చాలి. ఆ అనువాదాన్ని నోటరీ ధ్రువీకరిస్తాడు. ఏ నోటరీ ముందు ప్రమాణం చేస్తే ఆ నోటరీ దగ్గరే అనువాదకురాలి సంతకం చెల్లుతుంది. ఆపైన నోటరీ సంతకానికీ మళ్లీ తాలూకా కచేరీలో ఇంకో అపోస్టిల్. ఇంతమంది ఒకరి సంతకానికి ఒకరు పూచీ పడతారు. కాగితంలో ఉన్న మనుషులు ఎలా ఉన్నారని మాత్రం ఒక్కరూ అడగరు. అడగడం నెబాహత్ పని కూడా కాదు, ఆమె ఎన్నడూ అడగలేదు.

ఫిబ్రవరిలో ఒక గురువారం జ్లాతా వచ్చింది. రష్యన్ మాట్లాడే దేశం నుంచి ఈ ఊరి కోడలిగా వచ్చిన పిల్ల, ముప్పై లోపు వయసు. కూతురి జనన పత్రం, తన పెళ్లి పత్రం, రెంటిమీదా అపోస్టిల్ వేయించుకునే తెచ్చింది. కుర్చీ చివర కూర్చుని తలుపు వైపే చూస్తూ రష్యన్‌లో మాట్లాడింది.

"పైవారం ఇదే రోజు మూడింటికి వస్తాను. ఫోన్ మాత్రం చేయొద్దు అక్కా. నా ఫోన్ ఆయన దగ్గరే ఉంటుంది. ఇంటి తాళం కూడా. గురువారాల్లో సరుకు కోసం పక్క ఊరు వెళ్తాడు. అత్తగారు నిద్రపోయే ఆ రెండు గంటలే నావి."

"టికెట్ కొన్నావా?"

"శనివారానికి. అమ్మ దగ్గరికి. పాపకి ఈ కాగితాలు లేకపోతే అక్కడ రెండు నెలలే ఉండనిస్తారు. తర్వాత నేనే తెచ్చి వీళ్ల చేతుల్లో పెట్టాలి."

నెబాహత్ కాగితాలు తీసుకుంది. ఆ రాత్రే అనువాదం ముగించింది. ఎందుకో ఈసారి ప్రతి ముద్రనూ రెండుసార్లు సరిచూసింది.

ఆ తర్వాతి గురువారం పొద్దున తాలూకా కచేరీ నుంచి కాగితాలు వెనక్కి వచ్చాయి. నోటరీ రూహి గారు ఊళ్లో లేక, కొత్తగా చేరిన ఆయన సహాయకుడు సంతకం పెట్టాడట. ఆ సంతకం నమూనా కచేరీలో ఇంకా చేరలేదు. "పోల్చడానికి మా దగ్గర ఏమీ లేదమ్మా, రూహి గారి చేతే మళ్లీ పెట్టించుకురండి" అన్నాడు గుమాస్తా. రూహి గారు వచ్చేది రేపు. అంటే ఈ రోజు మూడింటికి ఆ పిల్ల ప్రాణాలకు తెగించి వచ్చి ఉత్త చేతులతో పోవాలి.

ఈ రోజు రావద్దు, రేపు ఎలాగైనా రమ్మని నెబాహత్ ముందే చెప్పాలి. పాత దస్త్రాలు తిరగేసింది. ఏడేళ్ల కింద జ్లాతా పెళ్లికి ముందు, ఆమె జనన పత్రాన్ని తుర్కీలోకి మార్చిందీ నెబాహతే. అందులో ఒక నంబరు దొరికింది. ఇది పాత నంబరు, భర్త దగ్గరున్న ఫోన్‌ది కాదు, అనుకుంది. అనుకోవడానికేం, చేతిలో ఫోన్ ఉంటే మనిషికి బుద్ధి ఎక్కడ నిలుస్తుంది?

"అమ్మాయ్, జ్లాతా, కాగితాలు రేపటికి గానీ..."

"ఏ కాగితాలు?" అంది మగ గొంతు.

నెబాహత్ ఫోన్ పెట్టేసింది. ఏడేళ్ల కింద ఆ పత్రం తెచ్చి, తన నంబరు రాయించింది పెళ్లికొడుకేనని అప్పుడు గుర్తొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

మూడింటికి జ్లాతా రాలేదు. ఆమె భర్త తుర్గాయ్ వచ్చాడు. చక్కగా గడ్డం గీసుకున్న మనిషి. "అక్కా, నీ చేతి టీ తాగి పోదామని" అంటూ కూర్చున్నాడు. చక్కెర గడ్డ నెమ్మదిగా కలిపాడు. కాగితాల ఊసే ఎత్తలేదు. వెళ్తూ, "నా పిల్ల విషయంలో నీకున్న శ్రద్ధకి చాలా రుణపడ్డాను" అన్నాడు నవ్వుతూ.

మర్నాడు రూహి గారు సంతకం పెట్టారు, కచేరీ అపోస్టిల్ వేసింది. కాగితాలు నిక్షేపంగా తయారయ్యాయి, పుచ్చుకునే మనిషే లేదు. శనివారం పోయింది.

సోమవారం నోటరీ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. రష్యన్ తెలిసిన అనువాదకురాలు కావాలట, సంతకం పెట్టే ఆమెకు తుర్కీ చదవడం రాదట. వెళ్లి చూస్తే తుర్గాయ్, పక్కన జ్లాతా. పాప లేదు. బల్ల మీద ఒక హామీ పత్రం. నా కూతుర్ని భర్త అనుమతి లేకుండా దేశం దాటించను, దాని పాస్‌పోర్టు తండ్రి దగ్గరే ఉంచుతాను అని. నెబాహత్ దాన్ని రష్యన్‌లో చదివి వినిపించింది.

రూహి గారు కళ్లద్దాలు సరిచేసుకున్నారు. "అడగండమ్మా. ఇది ఆమె ఇష్టపూర్వకంగానే పెడుతోందా?"

నెబాహత్ జ్లాతా వైపు తిరిగింది. ఆ గదిలో రష్యన్ తెలిసినవాళ్లు వాళ్లిద్దరే.

"ఇష్టంతోనే పెడుతున్నావా అని అడుగుతున్నారు. కాదను. చాలు, నోటరీ గారు ఆపేస్తారు" అంది. ఊపిరి తీసుకుని, "ఫోన్ చేసింది నేనే. నన్ను క్షమించు" అంది.

జ్లాతా ముఖంలో కోపం కనబడలేదు. అలసట ఉంది.

"తెలుసు. పాపని వాళ్ల పిన్ని ఊళ్లో ఎక్కడో పెట్టాడు. ఇది పెడితే సాయంత్రం తెస్తానన్నాడు. అవునని చెప్పండి అక్కా."

"ఏమంటోంది?" అన్నాడు తుర్గాయ్, చేతి వేళ్లతో బల్లమీద తాళం వేస్తూ.

"అర్థం కాని మాట ఒకటి అడుగుతోంది" అంది నెబాహత్.

జ్లాతా కాగితంకేసి చూస్తూనే రష్యన్‌లో అడిగింది, "ఆ ముద్రలు ఎన్నాళ్లు చెల్లుతాయి?"

"అపోస్టిల్‌కి గడువు లేదు. అవి నా దగ్గరే ఉంటాయి, పారెయ్యను."

ముప్పై ఏళ్లుగా నెబాహత్ కాగితంలో ఉన్నదే చెప్పింది, చెరిగిపోయిన ముద్రను కూడా వదల్లేదు. ఈ నోటరీ ముందు చెయ్యెత్తి ఉన్నదున్నట్టు చెబుతానని ప్రమాణం చేసిన మనిషి. కాదంటే ఈ కాగితం ఆగుతుంది, సాయంత్రం పాప రాదు. అవునంటే పాప వస్తుంది, తల్లి ఈ ఊళ్లోనే ఉండిపోతుంది. నెబాహత్‌కు భయం వేసింది, సిగ్గు వేసింది.

"అవునండీ" అంది రూహి గారితో. "ఇష్టపూర్వకంగానే అంటోంది."

జ్లాతా సంతకం పెట్టింది. కింద, అనువాదం యథాతథమని రాసి ఉన్న చోట, నెబాహత్ తన పేరు పెట్టింది. రూహి గారు ముద్ర వేశారు. తుర్గాయ్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పద, ఇంటికి పోదాం అని భార్య మోచేయి పట్టుకున్నాడు.